తెలుగులో అడిగితే ఒకటి, ఇంగ్లిష్‌లో అడిగితే ఒకటి: చాట్‌బాట్ జవాబుల తేడా కొలవడం ఎలా?

మా పాలకొల్లు వైపు ఈమధ్య ప్రతివాళ్లూ చాట్‌బాట్‌ని తెలుగులో ఓ ప్రశ్న అడిగి, "భలే చెబుతోందండీ" అని తేల్చేస్తున్నారు. వాక్యం సాఫీగా ఉంటే విషయం కూడా సరిగ్గానే ఉందనుకుంటారు. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. కానీ చాట్‌బాట్ నేర్చుకునేది మనుషుల సంఖ్య నుంచి కాదు, దొరికిన రాత నుంచి. ఆ రాత ఇంగ్లిష్‌తో పోలిస్తే మనకి చాలా తక్కువ. అందుకే దానికి తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా మన చేలో సంగతి తెలియకపోవచ్చు. ఎంత తెలియదో కొలవాలంటే ఒక పద్ధతి ఉంది.

కావలసినవి: ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, విషయం తెలిసిన ఒక మనిషి. పాత సంభాషణల్ని గుర్తుపెట్టుకునే సెట్టింగ్ ఆపెయ్యండి. వెబ్‌లో వెతికే సౌకర్యం ఉంటే అదీ ఆపండి, లేకపోతే మీరు కొలిచేది సెర్చ్‌ని. రెండు భాషల్లోనూ ఒకే మోడల్‌ని, ఒకే రోజు, ప్రతిసారీ కొత్త చాట్ తెరిచి అడగండి. ఒక్కో ప్రశ్న మూడేసి సార్లు అడగాలి, ఎందుకంటే అదే ప్రశ్నకి అదే చాట్‌బాట్ ఇవాళే రెండు రకాలుగా చెప్పగలదు. ఒక్కసారి అడిగి వదిలేసినవాళ్ల లెక్క నేను చూడను కూడా చూడను.

ముందు జవాబు రాసుకోండి

అడగకముందే సరైన జవాబు మీ పుస్తకంలో ఉండాలి. జవాబు చూశాక "ఇదీ కరెక్టేలే" అనిపించడం మనిషి బలహీనత. నేను ఎప్పుడూ పరీక్షకి వాడే విషయం వరిలో సుడిదోమ, అంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు. మార్టేరు వరి పరిశోధన స్థానం మా పక్కనే ఉంది కాబట్టి సరిచూసుకోవడం తేలిక. నా పుస్తకంలో అయిదు ముక్కలున్నాయి: దుబ్బు మొదట్లో చూడాలి, చేలో నీరు తీసి ఆరగట్టాలి, యూరియా వెయ్యడం ఆపాలి, పాయలు తీసి మొదళ్లు తడిసేలా మందు కొట్టాలి, సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టకూడదు. ఆ చివరిది ముఖ్యం. అవి కొడితే దోమని తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ చచ్చి, దోమ ఇంకా పెరుగుతుంది. మందు మోతాదు కూడా ఒకటి రాసుకోండి. పైమెట్రోజిన్ 50 శాతం గుళికల మందైతే లీటరు నీటికి 0.6 గ్రాములు.

ప్రశ్నల జత: అందరూ బోల్తా పడేది ఇక్కడే

రెండు ప్రశ్నలూ ఒకటే అని మీరు అనుకుంటారు. కావు. నేనూ మొదట్లో ఇలాగే చేశాను. తెలుగులో "వరిలో దోమ పడింది, ఏం చెయ్యాలి?" అని రాసి, ఇంగ్లిష్‌లో 'బ్రౌన్ ప్లాంట్‌హాపర్' అని రాశాను. తెలుగు జవాబులో నిలవ నీటి మీద కిరసనాయిలు చల్లమనీ, దోమతెర కట్టుకోమనీ వచ్చింది. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. తప్పు సగం నాదే. తెలుగులో దోమ అంటే కుట్టేదీ దోమే, చేలో పడేదీ దోమే. ఇంగ్లిష్ ప్రశ్నలో మాత్రం పురుగు పేరు కచ్చితంగా చెప్పేశాను. అంటే సగం జవాబు ఇంగ్లిష్‌కి ముందే చేతికిచ్చి, తెలుగుకి చిక్కుముడి వేశాను.

రెండో రకం తప్పు దీనికి తిరగేసినది. ఇంగ్లిష్ ప్రశ్నని ఏదో యంత్రంతో తెలుగులోకి తిప్పి అడుగుతారు. అలా ఒకసారి 'హాపర్' అన్నది 'తొట్టి' అయి, "వరిలో గోధుమ రంగు మొక్క తొట్టి" అని తయారైంది. మా చేలగట్ల మీద అలా ఎవరు మాట్లాడతారు? ఆ ప్రశ్నకి చెత్త జవాబు వస్తే అది చాట్‌బాట్ లోపమో, మీ ప్రశ్న లోపమో ఎప్పటికీ తేలదు. ఇంగ్లిష్ పరీక్షల్ని మూటగట్టి తెలుగులోకి దించేవాళ్ల మీద నాకున్న కోపం ఇదే. అక్కడి ప్రశ్నలో మన తొలిపంట సార్వా ఉండదు, రెండో పంట దాళ్వా ఉండదు.

కాబట్టి ప్రశ్న ముందు తెలుగులోనే పుట్టాలి. రైతు నోట విన్నది విన్నట్టు రాయండి. తర్వాత మీరే ఇంగ్లిష్ చెయ్యండి, అందులో ఎంత స్పష్టత ఉందో ఇందులోనూ అంతే ఉండాలి. ప్రతి విషయానికీ రెండు జతలు కట్టాలి. మొదటి జతలో రెండు వైపులా పురుగు పేరు ఉంటుంది: ఇటు 'సుడిదోమ', అటు దాని ఇంగ్లిష్ పేరు. రెండో జతలో ఎటూ పేరుండదు, లక్షణాలే. నా రెండో జత ఇది:

```
మా వరి చేలో గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతోంది.
దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన చిన్న గోధుమ రంగు
పురుగులు గుంపుగా ఉన్నాయి. ఇవాళ ఏం చెయ్యాలి?

My paddy is drying in round patches. Small brown
insects are crowded at the base of the clumps, just
above the water. What should I do today?
```

మొదటి జతలోనే తేడా వచ్చి రెండో జతలో రాకపోతే, చాట్‌బాట్‌కి తెలియనిది మన పేరు మాత్రమే. రెండింటిలోనూ వస్తే గొడవ ఇంకా లోతుగా ఉంది.

'సార్వా' లాంటి మా వైపు మాటని ప్రశ్నలో పెట్టాలా వద్దా అని అడుగుతారు. ఒక జతలో పెట్టండి, ఇంగ్లిష్‌లోనూ ఆ మాటనే ఉంచండి. దాన్ని 'ఖరీఫ్' అని మారిస్తే మళ్లీ ఇంగ్లిష్‌కి సాయం చేసినట్టే.

అడ్డం తిప్పి అడగండి

తేడా ఉందని తేలాక ఎక్కడుందో చూడాలి. తెలుగు ప్రశ్న వేసి జవాబు ఇంగ్లిష్‌లో ఇమ్మనండి. ఇంగ్లిష్ ప్రశ్న వేసి జవాబు తెలుగులో ఇమ్మనండి. మొన్న పేరున్న జతతో నాకు ఏమైందంటే, ఇంగ్లిష్‌లో అడిగి తెలుగులో చెప్పమంటే అయిదింటిలో నాలుగు ముక్కలు వచ్చాయి. తెలుగులో అడిగి ఇంగ్లిష్‌లో చెప్పమంటే మూడుసార్లూ వేపనూనె కొట్టమనీ, నిపుణుల్ని కలవమనీ. అంటే దానికి విషయం తెలుసు, తెలుగులో చెప్పడమూ వచ్చు. మన ప్రశ్న అర్థం కావడం దగ్గరే ఆగిపోయింది. ఇలా చూడకపోయి ఉంటే "దీనికి వ్యవసాయం రాదు" అని రాసేసేవాణ్ణి.

తెలుగు జవాబు మధ్యలో తెగిపోయినా, మరీ పొట్టిగా ఉన్నా విడిగా రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరానికి కంప్యూటర్‌లో ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. చాట్‌బాట్ మాటల్ని ముక్కలు చేసుకునేటప్పుడు చాలావాటిలో తెలుగుకి ఎక్కువ ముక్కలు ఖర్చవుతాయి. జవాబు పొడవుకి హద్దు ఉన్నచోట ఆ హద్దు మనకి ముందొస్తుంది.

మార్కులు

ప్రతి జవాబునీ చదివి, అది చెయ్యమన్న పనులు మాత్రం చీటీ మీద పొడి మాటల్లో రాయండి. భాష ఏదో చీటీ మీద ఉండకూడదు, వెనక ఒక అంకె చాలు. చీటీలు కలిపేసి విషయం తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఒక్కో సరైన ముక్కకి ఒక మార్కు. నష్టం చేసే సలహా ఉంటే, ఉదాహరణకి పైరిత్రాయిడ్ కొట్టమనడం, 0.6 గ్రాముల దగ్గర 6 గ్రాములు చెప్పడం, మిగతా ఎంత బాగున్నా మొత్తం సున్నా. భాషకి మార్కులు వేరే పేజీలో వేసుకోండి, రెండూ కలపొద్దు. చాట్‌బాట్ జవాబుని ఇంకో చాట్‌బాట్‌తో దిద్దించేవాళ్లున్నారు. తెలుగు రానిదాన్ని తెలుగు రానిదానితో దిద్దించడమేమిటో నాకు అర్థం కాదు.

నా చీటీలు దిద్దేది మా బాబాయి. నలభై ఏళ్లుగా వరి వేస్తున్నాడు. తొమ్మిదో నంబరు చీటీ చూసి, "ఇదెవడ్రా అబ్బాయ్, నీరు తియ్యకుండా పైనుంచి మందు కొట్టమంటున్నాడు? ఆకులకి తగుల్తుంది గానీ దోమకేం తగుల్తుందీ!" అని పక్కన పడేశాడు. వెనక్కి తిప్పి చూస్తే అది ఇంగ్లిష్‌లో అడిగి, ఇంగ్లిష్‌లోనే తీసుకున్న జవాబు. దానికీ మార్కులు తగ్గించాను.

పదేసి ప్రశ్నలు ఇలా చేస్తే ఒక పంట గురించి ఒక మోడల్ ఎలా ఉందో తెలుస్తుంది, అంతవరకే. రొయ్యల చెరువు సంగతికి మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాలి. పేజీ పైన తేదీ, తెర మీద కనబడే మోడల్ పేరు ఉన్నదున్నట్టు రాయండి. మోడల్ మారిందంటే ఆ పేజీ కొట్టేసి, అవే జతలతో మళ్లీ అడగండి.