ఈఎస్‌పీపీకి ఒప్పుకునే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికా కంపెనీల ఇండియా ఆఫీసుల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఏడాదికి రెండుసార్లు ఒక మెయిల్ వస్తుంది. జీతంలో ఎంత శాతం కోయమంటారో ఫలానా తేదీలోపు చెప్పండి, ఆరు నెలలయ్యాక ఆ డబ్బుతో మన కంపెనీ షేర్లు తగ్గింపు ధరకు కొనిస్తాం అని. దీన్నే ఎంప్లాయీ స్టాక్ పర్చేజ్ ప్లాన్, పొట్టిగా ఈఎస్‌పీపీ అంటారు. ఒంగోల్లో ఇంటి నుంచే పనిచేసే మా బావమరిదికి అలాంటిదే వచ్చింది. "బావా, పదిహేను శాతం ఊరికే వస్తుందంటున్నారు, ఎంత పెట్టనిస్తే అంతా పెట్టేయనా?" అని ఫోన్ చేశాడు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ప్లాన్ కాగితం తెరిచి మూడు సంగతులు వెతకండి. తగ్గింపు ఎంత? అమెరికా చట్టం 15 శాతం దాకా ఒప్పుకుంటుంది కానీ ప్రతి కంపెనీ అంతా ఇవ్వదు, 5 శాతంతో సరిపెట్టేవి కూడా ఉన్నాయి. రెండోది లుక్‌బ్యాక్. అది ఉంటే ఆరు నెలల మొదటి రోజు ధర, చివరి రోజు ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీద తగ్గింపు ఇస్తారు. మూడోది, షేర్లు ఖాతాలో పడగానే అమ్ముకోనిస్తారా, లేక కొన్నాళ్లు ఆగాలని షరతు ఉందా. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఈ మూడోదే, జనం చూడకుండా వదిలేసేదీ ఇదే.

ఇప్పుడు మా వాడి లెక్క. జీతం నెలకు లక్షన్నర, కొత్త పన్ను విధానంలో 20 శాతం శ్లాబు, సెస్సుతో కలిపి 20.8 శాతం. 10 శాతం పెడితే నెలకు 15,000, ఆరు నెలలకు 90,000. షేరు ధరను రూపాయల్లో 10,000 అనుకుందాం, డాలరు రేటు కదల్లేదనుకుందాం. ఆరు నెలల తర్వాత కూడా ధర అక్కడే ఉంటే 8,500 చొప్పున 10 షేర్లు వస్తాయి. మిగిలిన 5,000 వెనక్కి ఇస్తారు, లేదా తర్వాతి విడతకు జమ చేస్తారు. 85,000 పెట్టి లక్ష విలువైన షేర్లు తీసుకున్నట్టు. ఆ 15,000 తేడాను ఆదాయపు పన్ను వాళ్లు జీతంగానే చూస్తారు, దాని మీద పన్ను 3,120. అదే రోజు అమ్మేస్తే చేతిలో మిగిలేది 11,880, అందులో బ్రోకరు చార్జీలు, డబ్బు ఇండియాకు తెప్పించుకునే చార్జీలు పోతాయి. డబ్బు సగటున మూడు నెలలు కూడా ఇరుక్కోదు కాబట్టి ఇది చాలా మంచి బేరం. అదే తగ్గింపు 5 శాతమే అయి, లుక్‌బ్యాక్ లేకపోతే 9,500 చొప్పున 9 షేర్లు, పన్ను పోగా 3,564 మిగులుతుంది. దానికి కొన్నాళ్లు అమ్మకూడదన్న షరతు కూడా తోడైతే నేనైతే పెట్టను.

ధర పెరిగినప్పుడే అసలు జాగ్రత్త కావాలి. ఆరు నెలల్లో 10,000 కాస్తా 12,000 అయిందనుకోండి. లుక్‌బ్యాక్ వల్ల మనకు మాత్రం 8,500కే వస్తుంది. 10 షేర్ల మీద లాభం 35,000, దాని మీద పన్ను 7,280. ఈ పన్ను మనం అమ్మినా అమ్మకపోయినా పడుతుంది. కొన్ని కంపెనీలు కొన్ని షేర్లు అమ్మేసి పన్ను కట్టేస్తాయి, కొన్ని ఆ నెల జీతంలోంచే కోస్తాయి. రెండో పద్ధతైతే ఆ నెల 7,280, దాంతోపాటు కొత్త విడత కోత 15,000, రెండూ కలిసి 22,280 తక్కువ పడుతుంది. హోమ్ లోన్ ఈఎంఐ కూడా అప్పుడే వస్తుంది మరి. మీ దగ్గర ఏ పద్ధతో పేరోల్ వాళ్లను ముందే అడగండి.

పెరిగింది కదా, ఇంకా పెరుగుతుందిలే అని ఉంచుకున్నాడనుకోండి. నాలుగు నెలల తర్వాత ధర 9,000కి దిగితే? షేరుకు 8,500 పెట్టాడు, పన్ను 728 కట్టాడు, మొత్తం 9,228. అంటే 9,000కి అమ్మితే కొన్న ధర కన్నా ఎక్కువే వచ్చినా నష్టమే. అంతకన్నా బాధ ఏమిటంటే, పన్ను లెక్కలో అతని కొనుగోలు ధర 12,000, కాబట్టి షేరుకు 3,000 మూలధన నష్టం వచ్చినట్టు. దాన్ని జీతంలోంచి తీసివేయనివ్వరు. వేరే మూలధన లాభాలు ఉంటేనే సర్దుకోవాలి, లేకపోతే ఎనిమిదేళ్లు ముందుకు మోసుకెళ్లాలి. జీతం మీద కట్టిన పన్ను మాత్రం తిరిగి రాదు.

ఇలా ఎక్కడ పడుతుందిలే అనుకోవద్దు. 2024 ఆగస్టు 1న ఇంటెల్ తన ఉద్యోగుల్లో సుమారు 15 శాతాన్ని తగ్గిస్తామని ప్రకటించింది, మర్నాడు షేరు ఒక్కరోజులో 26 శాతం పడింది. మొదటి లెక్కలో మా వాడికున్న రక్షణ ఎంతో చూడండి: పెట్టుబడి, పన్ను కలిపి షేరుకు 8,812, అంటే 10,000 నుంచి 12 శాతం పడితే లాభమంతా పోయినట్టే. పైగా షేరు పడే రోజూ ఉద్యోగం ఊగే రోజూ ఒకటే కావొచ్చు. అందుకే మా వాడికి చెప్పాను, షేర్లు ఖాతాలో పడిన రోజే అమ్మెయ్, కంపెనీ మీద అంత నమ్మకముంటే ఆ డబ్బులో కొంతతో తర్వాత కొనుక్కో అని.

ఇక నెలనెలా పడే కోత. దీని మీద పన్ను మినహాయింపు లేదు. మొత్తం జీతం మీద టీడీఎస్ పోయాక చేతికొచ్చే దాంట్లోంచి 15,000 పూర్తిగా తగ్గుతుంది. మా వాడి నాన్నకు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మేతకీ కరెంటుకీ డబ్బు పోతూనే ఉంటుంది, మధ్యలో కొడుకు జీతం కూడా అటే వెళ్తుంది. "తక్కువైతే రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాలే" అన్నాడు. లెక్క వేసి చూశాం. ప్రతి నెలా ఆ 15,000 అప్పు తెచ్చినా, కొనే రోజు దాకా వడ్డీ 4,500 అవుతుంది. అప్పటికీ 7,000 పైచిలుకు మిగులుతుంది, నాకే ఆశ్చర్యమేసింది. కానీ అది కొన్న రోజే అమ్మి అప్పు తీర్చేస్తేనే. ఉంచుకుంటే 90,000 అప్పు మీద నెలకు 1,800 నడుస్తూనే ఉంటుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నవాళ్లు మాత్రం ముందు అది తీర్చుకోండి.

మధ్యలో ఇంటికి డబ్బు అత్యవసరమైతే చాలా ప్లాన్లలో బయటికి రావచ్చు, అప్పటిదాకా కోసింది వడ్డీ లేకుండా తిరిగి ఇస్తారు. కానీ కొనే తేదీకి కొన్ని రోజుల ముందే ఆ తలుపు మూస్తారు. ఆ తేదీ ఎప్పుడో రాసిపెట్టుకోండి. శాతం మధ్యలో తగ్గించుకోవచ్చా, ఎన్నిసార్లు అన్నదీ చూడండి. మా వాడు చివరికి 6 శాతం పెట్టాడు, పట్టుబడి అయ్యాక వచ్చే విడతలో పెంచుతానన్నాడు.

ఇంకొకటి, రిటర్న్. బయటి దేశం షేరు ఒక్కటున్నా ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేసి అందులో విదేశీ ఆస్తుల వివరాలు అడిగే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అది ఏప్రిల్ నుంచి మార్చి లెక్క కాదు, జనవరి నుంచి డిసెంబరు లెక్క. కొన్న రోజే అమ్మేసినా ఆ ఏడాది మన పేరు మీద ఉన్నట్టే, చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయరు. అలాగని చూపించక్కర్లేదని కాదు. బ్రోకరు సైట్‌లో కొన్న తేదీ, ఆ రోజు ధర ఉన్న స్టేట్‌మెంటును కొన్నప్పుడే దింపి పెట్టుకోండి, ఉద్యోగం మారాక ఆఫీసు మెయిల్‌తో ముడిపడిన లాగిన్ పోతే తెచ్చుకోవడం పెద్ద తంటా.