తాడ్వాయి అడవికి బయల్దేరే ముందు: ఫోన్‌లో మ్యాప్ జాగ్రత్తలు

☐ నెట్ లేకుండా చూడటానికి ముందే దింపుకునే మ్యాప్‌లో జూమ్ ఒక్క మెట్టు పెంచితే టైల్స్, అంటే మ్యాప్‌ను ముక్కలు చేసిన చదరపు బొమ్మలు, నాలుగింతలవుతాయి. 16వ మెట్టుకు 100 ఎంబీ పడితే 17కి దాదాపు 400, 18కి 1600 అదనం. కాలిబాటలు, వాగులు పోల్చుకోవడానికి నా లెక్కలో 17 చాలు.

☐ టైల్స్ ఉత్త బొమ్మలే. ప్లాట్ల హద్దుల లేయర్ వేరే ఫైల్; అదీ ఫోన్‌లోకి ఎక్కిందో లేదో చూడండి.

☐ అసలు పరీక్ష హన్మకొండలోనే చేయండి. ముందు యాప్ క్యాష్ తీసేయండి. లేకపోతే నిన్న నెట్‌లో చూసిన టైల్స్ కనబడి అంతా దిగినట్టే అనిపిస్తుంది. స్టోరేజ్ క్లియర్ మాత్రం నొక్కొద్దు, దింపిన మ్యాపులూ పోవచ్చు. తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, లొకేషన్ ఆన్‌లో ఉంచి, ఏరియా నాలుగు మూలలకూ వెళ్లి పూర్తిగా జూమ్ చేయండి. ఖాళీ గళ్లు కనబడితే ఆ మూల టైల్స్ దిగలేదన్నమాట.

☐ ఇదే పరీక్ష టీమ్‌లో ప్రతి ఫోన్‌కూ.