8,450 డాలర్లు పంపితే 8,415 ఎందుకు చేరాయి? విదేశీ బదిలీలో కోత ఎక్కడ పడిందో తెలుసుకోవడం ఎలా, ఆపడం ఎలా?

2024 ఆగస్టులో రాజాం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మనం పంపిందేటి, అక్కడ పడిందేటి? ముప్పై అయిదు డాలర్లు తక్కువంట. పిల్లకి క్లాసుల రిజిస్ట్రేషన్ ఆపేశారంట." మేనకోడలు అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. సెమిస్టర్ ఫీజు 8,450 డాలర్లు. బావ బ్యాంకుకు వెళ్లి అడిగితే కౌంటర్‌లో కాగితం చూపించి "మేం పూర్తిగానే పంపాం" అన్నారు. యూనివర్సిటీ వాళ్లేమో "మాకు 8,415 మాత్రమే వచ్చింది" అన్నారు. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే.

నేను ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు విదేశీ మారకం సెక్షన్‌లోనే గడిపాను. ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వచ్చేది. అందుకే చెల్లెలి కేసునే తీసుకుని, ఒక్కో మెట్టు చెబుతాను.

ముందు: డబ్బు వెళ్లే దారి

రాజాం నుంచి సోంపేట వెళ్లాలంటే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి బస్సు మారతాం. మారిన చోట మళ్లీ టికెట్ కొనాలి. డాలర్ల ప్రయాణం కూడా అంతే. మన బ్యాంకుకు, ఆ యూనివర్సిటీ ఖాతా ఉన్న బ్యాంకుకు మధ్య నేరుగా లెక్కలు ఉండవు. మన బ్యాంకుకు అమెరికాలో ఏదో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ ఖాతా ఉంటుంది. మనం రూపాయలు కట్టగానే, "మా ఖాతాలోంచి ఇన్ని డాలర్లు తీసి ఫలానా వాళ్లకు చేర్చండి" అని మన బ్యాంకు, బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే స్విఫ్ట్ అనే నెట్‌వర్క్‌లో ఆ బ్యాంకుకు సందేశం పంపుతుంది. చిన్న ఊళ్ల బ్రాంచిలు ఈ పని తాము చేయవు. కాగితాలు తీసుకుని విశాఖలాంటి చోట ఉండే ఫారెక్స్ బ్రాంచికి పంపిస్తాయి. స్విఫ్ట్‌లో కదిలేది సందేశమే, డబ్బు కాదు. డబ్బు ఒక బ్యాంకు పుస్తకంలో తగ్గి ఇంకో దాంట్లో పెరుగుతుంది, అంతే.

ఆ మధ్యలో ఉన్న బ్యాంకునే మధ్యవర్తి బ్యాంకు అంటారు. దానికి మనం ఖాతాదారులం కాదు. మన రూపాయల ఖాతాలోంచి చార్జీ తీసుకునే వీలు దానికి లేదు. తన చేతిలో ఉన్నది ఆ 8,450 డాలర్లే కాబట్టి, అందులోంచే తన టికెట్ డబ్బు తీసుకుని మిగిలింది ముందుకు పంపుతుంది. ఇది మోసం కాదు. ఫారంలో మనం సంతకం చేసిన ఒక చిన్న పెట్టె ఆ అనుమతి ఇచ్చింది.

ఆ పెట్టెలో ఏముంటుంది?

ఫారంలో చార్జీల దగ్గర మూడు మాటలు ఉంటాయి: SHA, OUR, BEN.

SHA అంటే మొదటి బస్సు టికెట్ మనం కొంటాం, తర్వాతి టికెట్లన్నీ ప్రయాణికుడి జేబులోంచే. అంటే మన బ్యాంకు చార్జీ, దాని మీద జీఎస్టీ మన ఖాతాలోంచి పోతాయి. ఆ తర్వాత ఎవరు ఎంత తీసుకున్నా పంపిన మొత్తంలోంచే. ఏమీ చెప్పకపోతే కౌంటర్‌లోనూ, నెట్ బ్యాంకింగ్‌లోనూ సాధారణంగా పడేది ఇదే. బావ ఫారంలో ఉన్నదీ ఇదే.

OUR అంటే మొత్తం దారికి టికెట్లు మనమే కొనడం. మన బ్యాంకు ముందే కొంత ఎక్కువ రూపాయలు తీసుకుంటుంది. మధ్యవర్తి బ్యాంకు తన చార్జీని పంపిన డాలర్లలో కోయకుండా, మన బ్యాంకు దగ్గర విడిగా వసూలు చేసుకుంటుంది. BEN అంటే మన బ్యాంకు చార్జీ కూడా పంపిన మొత్తంలోంచే. ఫీజు కట్టేవాళ్లకు దాంతో పని లేదు.

మెట్టు 1: తేడా ఎలా ఉందో చూడండి

డాలర్లు పంపి, డాలర్ల ఖాతాలోనే పడితే మధ్యలో మారకం రేటు ప్రశ్నే రాదు. తేడా 15, 20, 35 లాంటి చిల్లర లేని అంకె అయితే అది చార్జీ. పంపిన మొత్తంలో ఒక శాతమో రెండు శాతమో తగ్గి, అంకె చిల్లరగా కనిపిస్తే, ఎక్కడో కరెన్సీ మార్చారని అర్థం. మొదటిదాని గురించి మధ్యవర్తిని అనుమానించాలి. రెండోదాని గురించి రేటు వేసిన బ్యాంకును అడగాలి. ఇది తేల్చుకోకుండా కౌంటర్‌లో గొడవ పడితే గంటసేపు ఎవరి మాట వాళ్లదే.

మా చెల్లెలి తేడా సరిగ్గా 35. చార్జీయే.

మెట్టు 2: స్విఫ్ట్ కాపీ తీసుకోండి, కానీ దాన్నే నమ్మొద్దు

మన బ్యాంకు పంపిన ఆ సందేశం నకలునే స్విఫ్ట్ కాపీ అంటారు, బ్యాంకును అది అడగండి. బావకు ఇచ్చిన కాపీలో అసలు సంగతి ఈ నాలుగు లైన్లే:

```
:32A:240807USD8450,
:33B:USD8450,
:71A:SHA
:71F:USD0,
```

32A లో తేదీ, ఈ సందేశంతో చేతులు మారే మొత్తం ఉంటాయి. 33B మనం పంపమన్న మొత్తం. 71A మనం ఎంచుకున్న పెట్టె. 71F అప్పటివరకు కోసిన చార్జీ. ఇది మన బ్యాంకు గడప దాటినప్పటి కాగితం. అప్పటికి ఎవరూ ఏమీ కోయలేదు కాబట్టి 8,450 అనే ఉంటుంది. "మేం పూర్తిగానే పంపాం" అనే మాట ఇక్కడి నుంచే వస్తుంది. మధ్యవర్తి తన చార్జీ తీసుకుని ముందుకు పంపిన సందేశం వేరు. అందులో 33B మారదు. 32A లో 8430 అవుతుంది, 71F లో 20 చేరుతుంది. ఆ కాగితం మన చేతికి రాదు.

2025 నవంబర్ నుంచి దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు కొత్త ఫార్మాట్‌కు మారాయి. అందుకని మీ కాపీలో ఈ లైన్లు వేరే రూపంలో ఉండొచ్చు. అక్కడ SHA బదులు SHAR, OUR బదులు DEBT, BEN బదులు CRED అని ఉంటుంది. అర్థం అదే.

మెట్టు 3: యూఈటీఆర్ ఇచ్చి, దారి చూపించమనండి

ప్రతి బదిలీకీ 36 అక్షరాల గుర్తు ఉంటుంది. అంకెలు, అక్షరాలు, మధ్యలో అడ్డగీతలు. దాని పేరు UETR. పార్సిల్‌కు ట్రాకింగ్ నంబర్ ఎలాగో ఇదీ అలాగే. కాపీలో కనిపించకపోతే అడిగి రాయించుకోండి. తర్వాత ఒకే మాట అడగండి: "ఈ నంబర్ మీద ట్రాకర్‌లో ఏ బ్యాంకు ఎంత తీసుకుందో చూసి చెప్పండి." రాజాం బ్రాంచిలో ఎవరికీ అది తెలియలేదు. వాళ్లను తప్పుపట్టను, రోజూ చూసే పని కాదది. ఫారెక్స్ బ్రాంచికి మెయిల్ పెట్టించాక రెండో రోజు జవాబు వచ్చింది: మధ్యవర్తి 20 డాలర్లు తీసుకుంది, అవతలి బ్యాంకుకు 8,430 చేరింది. యూనివర్సిటీకి పడింది 8,415. అంటే మిగిలిన 15 యూనివర్సిటీ బ్యాంకే, వచ్చిన డబ్బు జమ చేసినందుకు తీసుకుంది.

SHA ఉన్నప్పుడు ఈ 35 వెనక్కి రావు. ఆ సంగతి ముందే తెలుసుకుంటే తిరుగుళ్లు తగ్గుతాయి. OUR అని రాసి, దానికి డబ్బు కూడా కట్టి, మధ్యవర్తి కోసిందని ట్రాకర్‌లో కనిపిస్తే మాత్రం వదలొద్దు. మన బ్యాంకు ద్వారా ఆ బ్యాంకుకు విచారణ సందేశం పంపించమని రాతపూర్వకంగా అడగండి. వారాలు పట్టొచ్చు.

మెట్టు 4: మిగతాది మళ్లీ బ్యాంకు ద్వారా పంపకండి

చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. బావ కూడా "ఆ 35 ఇంకోసారి పంపేస్తే పోయె" అన్నాడు. లెక్క వేసి చూపించాను. SHA మీద 35 డాలర్లు పంపితే మధ్యవర్తి 20 తీసుకుంటుంది, అవతలి బ్యాంకు 15 తీసుకుంటుంది. చేరేది సున్నా. పైగా ఇక్కడ స్విఫ్ట్ చార్జీలు మళ్లీ కట్టాలి.

చిన్న మొత్తమైతే యూనివర్సిటీ పోర్టల్‌లో కార్డుతో కట్టేయడం మేలు. అక్కడి ఖాతాలోంచి పిల్లే కడితే ఇంకా మంచిది. మేనకోడలు అదే చేసింది. దాంతోపాటు స్విఫ్ట్ కాపీ, ట్రాకర్ వివరం ఫీజుల ఆఫీసుకు మెయిల్ చేయమన్నాను. పూర్తి మొత్తం సమయానికే బయల్దేరిందని ఆధారం ఉంటే ఆలస్య రుసుము తీసేయమని అడగడానికి బలం ఉంటుంది.

మెట్టు 5: ఈసారి ఫారం నింపేటప్పుడు

పెట్టెలో OUR అని మీ చేత్తో టిక్ పెట్టండి. దానికి ఎన్ని రూపాయలు అదనమో అప్పుడే అడగండి. అప్పటి రేటులో 35 డాలర్లంటే దాదాపు 2,900 రూపాయలు. అదనపు చార్జీ అంతకన్నా తక్కువైతే ఆలోచించాల్సిన పనే లేదు. ఎక్కువైనా, ఫీజుకు గడువు దగ్గర పడితే నేను OUR వైపే ఉంటాను.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి, అదే ముఖ్యం. "అమెరికాకు OUR పెడితే అవతల పూర్తి మొత్తం చేరుతుందని మీరు హామీ ఇస్తారా?" ఎందుకంటే అక్కడ కొన్ని బ్యాంకులు OUR అని ఉన్నా తమ జమ చార్జీ ఆ డబ్బులోంచే తీసుకుంటాయి. దీనికోసమే కొన్ని బ్యాంకులు మధ్యవర్తితో ముందే ఒప్పందం పెట్టుకుని, పూర్తి మొత్తం చేర్చే పద్ధతిని విడిగా ఇస్తున్నాయి. మీ బ్యాంకులో ఉందో లేదో అడిగితేగానీ చెప్పరు.

కోతకు సరిపడా డాలర్లు ఎక్కువ కలిపి పంపడం ఇంకో దారి. ఎక్కువ పడినా చాలా యూనివర్సిటీలు విద్యార్థి ఖాతాలో నిల్వగా ఉంచుతాయి. కానీ ఫీజు నోటీసులో ఉన్న అంకెకు, ఫారంలో ఉన్న అంకెకు తేడా ఎందుకని బ్యాంకు అడుగుతుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

మనకే డబ్బు వస్తుంటే

బొబ్బిలిలో కూర్చుని విదేశీ కంపెనీకి పని చేసే కుర్రాళ్లకూ ఇదే బాధ, దిశ మారింది అంతే. 500 డాలర్లకు బిల్లు పంపితే 480 వస్తాయి. బిల్లులోనే "చార్జీలు OUR, పంపేవారివే" అని రాయండి. డబ్బు వచ్చాక మన బ్యాంకు ఇచ్చే జమ వివరంలో ఎన్ని డాలర్లు చేరాయి, ఏ రేటుకు మార్చారు అని రెండూ విడివిడిగా చూడండి. డాలర్లు తగ్గితే దారిలో కోత. డాలర్లు సరిపోయి రూపాయలు తగ్గితే అది మన బ్యాంకు రేటు, దాని మీద జీఎస్టీ. అప్పుడు క్లయింట్‌ను అనుమానించి లాభం లేదు.

జనవరి ఫీజుకు బావ OUR పెట్టాడు. రెండో ప్రశ్న మాత్రం అడగడం మర్చిపోయాడు. 8,435 చేరాయి. మధ్యవర్తి ముట్టుకోలేదు, యూనివర్సిటీ బ్యాంకు మాత్రం తన 15 తీసుకుంది. ఆ పదిహేను మళ్లీ పిల్లే అక్కడ కట్టింది, మళ్లీ నాకే ఫోన్ వచ్చింది.