రెజ్యూమేలో 4.8 కనిపిస్తే

నెల్లూరులో రొయ్యల రైతుల యాప్ కోసం డెవలపర్‌ని వెతుకుతుంటే, ఒకతని రెజ్యూమేలో తాను చేసిన యాప్‌కి ‘రేటింగ్ 4.8’ అని కనిపించింది. ప్లే స్టోర్ తెరిచి చూస్తే ఆ రేటింగ్ ఇచ్చింది పట్టుమని 30 మంది, చివరి అప్‌డేట్ రెండేళ్ల కిందటిది. వేలమంది ఇచ్చిన 4.2నే నేను నమ్ముతా. ఐఫోన్ యాప్ అయితే వెర్షన్ హిస్టరీ చూడండి, రిలీజ్‌లు తేదీలతో సహా ఉంటాయి.

మా ప్రకటనలో ‘నెట్ లేకున్నా పనిచేయాలి’ అని రాశాం. అతను ఆర్కిటెక్చర్ దగ్గర ‘ఎంవీవీఎం’ అని, కోడ్‌ని భాగాలుగా అమర్చే పద్ధతి పేరొకటి రాసి ఊరుకున్నాడు. “గుంట గట్టు మీద సిగ్నల్ లేనప్పుడు రైతు రాసిన మేత లెక్క ఎక్కడుంటుంది? తర్వాత సర్వర్‌కి రెండుసార్లు ఎక్కకుండా ఎలా ఆపుతారు?” అని అడిగా. ఫోన్‌లోని డేటాబేస్‌లో, ప్రతి ఎంట్రీకీ ఒక ప్రత్యేక ఐడీతో ఉంటుంది, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ తీసుకోదు అంటే చాలు. అతను మాత్రం నెట్ వచ్చాక మళ్లీ రాసుకోమన్నాడు!