కేవియట్ పిటిషన్ ఎప్పుడు వేయాలి, ఎలా రాయాలి

మీ స్థలంలో ప్రహరీ కట్టడానికి ఇటుకలు దింపారు. తూర్పు హద్దు రెండడుగులు తనదేనని పక్కింటాయన గొడవపడ్డాడు, రేపోమాపో కోర్టుకెళ్లి స్టే తెస్తానన్నాడు. కేవియట్ పనికొచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే.

మామూలుగా పని ఆపమనే ఇంజంక్షన్ ఇచ్చే ముందు కోర్టు ఎదుటివారికి నోటీసు ఇవ్వాలి. ఆలస్యమైతే నష్టం జరిగిపోతుందని అవతలివారు చూపిస్తే, మిమ్మల్ని వినకుండానే తాత్కాలిక ఉత్తర్వు రావచ్చు. దాన్ని తీయించుకునేలోపు పని ఆగిపోతుంది, మేస్త్రీ వేరే పనికి పోతాడు. ఆ టెన్షన్ లేకుండా ‘నన్ను కూడా వినండి’ అని కోర్టుకు ముందే చెప్పి ఉంచడమే కేవియట్. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 148-ఎ సెక్షన్ దీనికి ఆధారం.

అయితే ప్రతి చిన్న మాటకీ పరిగెత్తి వేసేది కాదిది. కేవియట్ వేస్తే ఎదుటివారికి నోటీసు పంపి తీరాలి. కోర్టు ఊసే లేని మనిషి ఆ కవరు అందుకుని నేరుగా వకీలు దగ్గరకు వెళ్లిన సందర్భాలున్నాయి. లాయర్ నోటీసు రావడం, పెద్దమనుషుల ముందు కోర్టుకెళ్తాననడం, సర్వేకు అర్జీ పెట్టడం లాంటి ఆనవాలు కనిపించాకే వేయడం మేలు. కేసు గెలిచినవారికి మాత్రం ఈ వెనకాడటం అక్కర్లేదు. ఓడినవారు అప్పీలు వేసి స్టే అడుగుతారని అనుకుంటే, అప్పీలు కోర్టులో వెంటనే వేసుకోవచ్చు.

వేసిన రోజు నుంచి 90 రోజులే దీనికి ఆయువు. జూన్ 10న వేస్తే సెప్టెంబరు 8తో తీరిపోతుంది. ఈలోపు అవతలివారు దరఖాస్తు పెట్టకపోతే మళ్లీ కొత్తగా వేయాలి, పాతది దానంతటదే కొనసాగదు.

ఇక రాయడం. పైన కోర్టు పేరు ఉండాలి. దావా విలువను బట్టి అది జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్తుందో సీనియర్‌కు వెళ్తుందో తేలకపోతే రెండు చోట్లా వేయాలి. ఒక కోర్టులో వేసిన కేవియట్ ఇంకో కోర్టుకు తెలియదు. తర్వాత కేవియట్‌దారుగా మీ పేరు, తండ్రి లేక భర్త పేరు, చిరునామా. దాని కింద ప్రతివాదులుగా, దరఖాస్తు వేస్తారనుకునే వారి వివరాలు.

ఎక్కువ కేవియట్లు దెబ్బతినేది ఈ రెండో పేరు దగ్గరే. గొడవ పడింది తండ్రి, స్థలం కొడుకు పేరున ఉంది, దావా కొడుకు వేస్తాడు. మీరు తండ్రి పేరు ఒక్కటే రాస్తే కోర్టు ఆఫీసులో అది దొరకదు. అందుకే తండ్రి, కొడుకు, జీపీఏ ఉన్న మనిషి ఇలా అవకాశమున్న అందరినీ చేర్చండి. ఇంటిపేరు స్పెల్లింగు వాళ్ల దస్తావేజులో ఉన్నట్టే ఉండాలి. ఆస్తి షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులూ రాయాలి.

విషయం నాలుగైదు వాక్యాలు చాలు: స్థలం మీకెలా వచ్చింది, స్వాధీనం ఎవరిది, తగాదా ఏమిటి, ఏ కారణంతో దరఖాస్తు వేస్తారని అనుకుంటున్నారు. మీ వాదనంతా ఇక్కడే పరచకండి, అది వాళ్ల దరఖాస్తుకు జవాబుగా వేసే కౌంటరులో చెప్పుకోవాల్సింది. చివర కోరిక ఇలా ఉంటే సరిపోతుంది:

‘పై షెడ్యూలు ఆస్తి విషయమై ప్రతివాదులు ఈ కోర్టులో వేయబోయే ఏ మధ్యంతర దరఖాస్తు మీదైనా, కేవియట్‌దారుకు నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా ఎలాంటి ఉత్తర్వులూ ఇవ్వవద్దని ప్రార్థన.’

సంతకం, వకాలత్, కోర్టు ఫీజు స్టాంపు పెట్టి దాఖలు చేయాలి. ఎదుటివారికి కాపీతో నోటీసును రిజిస్ట్రేషన్ చేయించిన స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపి ఆ రసీదు పిటిషన్‌కు జతచేయాలి. ముగ్గురి పేర్లు రాస్తే ముగ్గురికీ విడివిడిగా పంపాలి. నంబరు పడ్డాక services.ecourts.gov.in లో కేవియట్ సెర్చ్‌లో మీ పేరు, ఎదుటివారి పేరు సరిగ్గా ఎక్కాయో లేదో చూడండి. తప్పుంటే అప్పుడే దిద్దించాలి.

కేవియట్ ఉందని దావా ఆగదు. రెండు వైపులా విన్నాక ఇంజంక్షన్ ఇవ్వకూడదనీ లేదు. నోటీసు వచ్చాక మీ వకీలు హాజరు కాకపోతే ఉత్తర్వు వచ్చేయవచ్చు, కాబట్టి దస్తావేజు, పన్ను రసీదులు, స్థలం ఫోటోలు ముందే ఆయన చేతిలో ఉండాలి. కేవియట్ ఉన్నా పొరపాటున నోటీసు లేకుండా ఉత్తర్వు వచ్చిందనుకోండి, అది చెల్లదులే అని గోడ పని కొనసాగించవద్దు. పని ఆపి, కేవియట్ నంబరు చూపించి ఆ ఉత్తర్వును రద్దు చేయమని అదే కోర్టులో వెంటనే దరఖాస్తు వేయాలి.