ఫొటో పాఠాలు – 4: కంటికి తెలుపే, కొలిస్తే బూడిద

పోయిన పాఠంలో కిటికీ వెలుతురులో ఫొటో తీయడం చూశాం కదా. ఈసారి ఆ ఫొటోని మార్కెట్‌ప్లేస్ వెనక్కి కొడితే ఏం చేయాలో చూద్దాం. శ్రీకాళహస్తిలో మా వదిన కలంకారీ కుషన్ కవర్లు అమ్ముతుంది. పోయిన నెల ఒక సైట్‌లో ఆమె మెయిన్ ఫొటో మూడుసార్లు రిజెక్ట్ అయింది. మూడుసార్లూ ఒకటే కారణం: బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా లేదట. "తెల్ల చార్ట్ పేపర్ మీదే కదా పెట్టి తీశాను, వీళ్లకి కళ్లు లేవా" అని నాకు ఫోన్.

కళ్లు లేవన్నది నిజమే, అక్కడ చూసేది చాలావరకు మెషినే. అమెజాన్ రూల్ చూడండి: మెయిన్ ఫొటో వెనక స్వచ్ఛమైన తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే ఆర్‌జీబీ అంకెలు మూడూ 255 ఉండాలి. వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి. అక్షరాలు, లోగో, బోర్డర్, వాటర్‌మార్క్ ఏవీ ఉండకూడదు. మిగతా సైట్లలో అంకెలు కొంచెం మారతాయి గానీ ధోరణి ఇదే.

వదిన ఫొటోని జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో తెరిచి Color Picker తో నాలుగు మూలలా నొక్కి చూశాను. కిటికీ వైపు మూలలో 238 దాకా ఉంది, ఎదురు మూలలో 226, 229, 236. మన కన్ను దాన్ని తెలుపుగానే సర్దుకుంటుంది, అంకె మాత్రం అది లేత నీలం కలిసిన బూడిద అని చెప్పేస్తుంది. కాబట్టి ఇకమీదట ఫొటో పంపే ముందు నాలుగు మూలలూ, వస్తువు అంచు పక్కన ఒకటి రెండు చోట్లా ఇలా నొక్కి చూడడం అలవాటు చేసుకోండి, అర నిమిషం పని.

మందు Colors > Levels లో ఉంది. Input Levels కింద కుడి చివరనున్న తెల్ల త్రికోణాన్ని 255 నుంచి 225కి జరిపితే, ఆ పైనున్నవన్నీ 255 అయిపోతాయి. అంతే అనుకుని సేవ్ చేశారో, దెబ్బ తింటారు. ఎందుకంటే కలంకారీ బట్టని కరక్కాయ, పాలలో నానబెట్టి తయారు చేస్తారు, దాని నేలరంగే మీగడ రంగు. ఫొటో మొత్తానికి లెవల్స్ పెడితే ఆ మీగడ కూడా తెల్లబడిపోతుంది. ఫొటో పాసవుతుంది సరే, కొన్నవాళ్లు "రంగు వేరేగా ఉంది" అని వెనక్కి పంపుతారు, ఆ కొరియర్ ఖర్చు ఎవరి నెత్తిన?

అందుకని ముందు Free Select తో కవర్ అంచు వెంబడి చుట్టూ నొక్కుకుంటూ వచ్చి సెలెక్ట్ చేయండి, Select > Feather లో 1 పిక్సెల్ ఇవ్వండి, Select > Invert కొట్టండి. ఇప్పుడు లెవల్స్ పెడితే మారేది వెనకున్న కాగితం ఒక్కటే, బట్ట రంగు అలాగే ఉంటుంది.

ఒకటి మాత్రం దీనితో పోదు, అంచు కింద పడ్డ నల్లటి నీడ. వదిన ఫొటోలో అది 190 ఉంది, లెవల్స్ తర్వాత 215 అయిందే గానీ మరకలా అలాగే మిగిలింది. దాన్ని బ్రష్‌తో తుడిచే ఓపిక నాకు లేదు, మళ్లీ తీయమన్నాను. కవర్ లోపల అట్టముక్క పెట్టి చదునుగా చేసి, కనబడకుండా చిన్న అట్టపెట్టె మీద నాలుగంగుళాలు ఎత్తి, కిటికీకి ఎదురుగా ఒక థర్మోకోల్ షీట్ నిలబెడితే నీడ పలచబడింది. దిండు పెట్టి తీయొద్దన్నాను, అమ్మేది కవర్ ఒక్కటే కాబట్టి దిండు కనబడితే అది ఇంకో రిజెక్షన్.

ఇక వాటర్‌మార్క్. షాపు పేరూ ఫోన్ నంబరూ ఫొటో మీద వేసుకున్నవాళ్లు మన తిరుపతిలో బోలెడు మంది. దాని మీద బ్లర్ కొట్టకండి, మచ్చ పడుతుంది. ఫోన్‌లో ఒరిజినల్ వెతికి దానితోనే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ వద్దు, అది కుదించుకుపోయి ఉంటుంది. తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

యాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పీఎన్‌జీ ఇచ్చేవాళ్లకి ఒక మాట: అది తెలుపు కాదు, ఖాళీ. జేపెగ్‌గా మారేటప్పుడు ఒక్కోసారి నల్లగా అవుతుంది. జింప్‌లో బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు పెట్టి Image > Flatten Image కొట్టాకే ఎగుమతి చేయండి, క్వాలిటీ 90 కన్నా తగ్గించకండి. తగ్గిస్తే అంచుల చుట్టూ సన్నని చుక్కలు పుడతాయి.

వదిన కవర్‌ని చివరికి 2000 పిక్సెళ్ల చదరంలో 1700 వెడల్పుకి పెట్టి పంపాం, నాలుగోసారి పాసైంది.

ఈ వారం పని: మీ ఫొటోల్లో ఒకటి తెరిచి నాలుగు మూలల అంకెలు రాసుకోండి. వచ్చే పాఠంలో ఇత్తడి కుందుల మెరుపు సంగతి చూద్దాం, అవి బట్టకన్నా మొండివి.