రాగిజావ, ఆకుకూర, నువ్వులు అన్నీ తింటున్నా కాల్షియం తక్కువేనా? ఇలా వెతకండి

సమస్య ఎప్పుడూ ఒకేలా వస్తుంది. పాలు పడవు, లేదా మానేశారు. పొద్దున జావ, మధ్యాహ్నం ఆకుకూర పప్పు, అప్పుడప్పుడు నువ్వులుండ. అయినా స్కాన్‌లో ఎముకల సాంద్రత తక్కువని వస్తుంది. కొందరు రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉందని ధైర్యంగా ఉంటారు. తిండిలో తగ్గితే శరీరం ఎముకల్లోంచి తీసి మరీ రక్తంలో లెక్క సరిచేసుకుంటుంది కాబట్టి, మీరు సరిపడా తింటున్నారో లేదో ఆ రిపోర్టు చెప్పదు.

ముందు తూకం వేయండి

పదిమందిలో తొమ్మిదిమంది వదిలేసేది ఇదే. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కావాలి, పాలిచ్చే తల్లులకూ నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకూ 1200. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 360 ఉంటుంది, కానీ జావలో మీరు వేసేది రెండు చెంచాలు, అంటే 20 గ్రాములు. వచ్చేది 70. జావ కాకుండా సంగటో రొట్టో చేసుకుని పూటకి వంద గ్రాముల పిండి తింటేనే రాగి లెక్కలోకి వస్తుంది.

తూకం సరిగ్గానే ఉంటే, ఏ ఆకుకూరో చూడండి

నేనూ దెబ్బతిన్నది ఇక్కడే. మా పిన్నికి పాలు పడవని ఏడాదిపాటు నేనే దగ్గరుండి పాలకూర, తోటకూర మార్చి మార్చి తినిపించాను. పట్టికలో తోటకూరకి వంద గ్రాములకు 330 అని చూసి మురిసిపోయాను. కానీ ఈ రెండింటిలో ఆక్సలేట్ విపరీతంగా ఉంటుంది. అది ఆకులోనే కాల్షియాన్ని పట్టుకుని కరగని స్ఫటికంగా మారుస్తుంది, పేగు దాన్ని పీల్చుకోలేదు. పాలకూరలో ఉన్న కాల్షియంలో ఒంటికి పట్టేది సుమారు 5 శాతం, అదే పాలలో అయితే 30 వరకు. వంద గ్రాముల పాలకూరలో 80 ఉంటే అందేది 4 మి.గ్రా. అన్నమాట! పాలకూర తిన్నాక పళ్లమీద నాలుక ఆనిస్తే సున్నం పూసినట్టు గరుకుగా తగులుతుంది చూడండి, అది ఆక్సలేటే. కంద కోస్తే చేతులు దురదపెట్టేదీ దాని సూదుల వల్లే. బచ్చలి, చుక్కకూరలదీ ఇదే కథ.

ఉడికించి నీళ్లు పారబోస్తే చాలు కదా అని అందరూ అడుగుతారు. విడిగా ఉన్న ఆక్సలేట్ నీళ్లలోకి పోతుంది, మంచిదే, కానీ అప్పటికే ఆకులో కాల్షియంతో ముడిపడినది కదలదు. అందుకని కూరనే మార్చండి. మెంతికూరలో 275 దాకా ఉంటుంది, ఆక్సలేట్ చాలా తక్కువ. ముల్లంగి ఆకు కూడా మంచిదే, దుంప కొన్నప్పుడు పారేయకండి. మునగాకు, కరివేపాకుల్లో ఆక్సలేట్ కొంత ఉన్నా పాలకూర అంత కాదు. పాలకూర ఇష్టమైతే ఇనుము కోసమో రుచి కోసమో తినండి, కాల్షియం లెక్కలో మాత్రం వేయకండి.

రాగి, నువ్వులు

రాగిలో కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడేది ఫైటేట్ అనే పదార్థం. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టించుకుంటే అది బాగా తగ్గుతుంది. అంత ఓపిక లేకపోతే పిండి కలిపి రాత్రంతా పులియబెట్టి అంబలి కాచుకున్నా మేలే. పిండిని సన్నగా జల్లించకండి, కాల్షియం ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే.

నువ్వులు ముత్యాల్లా తెల్లగా, నున్నగా ఉన్నాయంటే పొట్టు తీసినవి, వాటిలో కాల్షియం చాలావరకు పోయినట్టే. కాస్త మురికి తెలుపులో ఉన్నవో నల్లవో తెచ్చి వేయించి పొడి కొట్టండి, గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతాయి. పాతిక గ్రాములకి కాగితం మీద 320 వస్తుంది. పొట్టులోని కాల్షియం కొంత ఆక్సలేట్‌తో కట్టుబడే ఉంటుంది కాబట్టి ఈ ఒక్కదానిమీదే ఆధారపడొద్దు.

పిన్ని ఇప్పుడు తినేది ఇది: వంద గ్రాముల మొలకరాగి పిండితో సంగటి (360), వంద గ్రాముల మెంతికూర (275) వేసి పప్పు (55), పాతిక గ్రాముల నువ్వుల పొడి (320). మొత్తం 1010. వయసు రీత్యా ఆవిడకి 1200 కావాలి, మిగతాది కాల్షియం కలిపిన సోయాపాలతో పూరిస్తున్నాం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేలకపోతే

విటమిన్ డి పరీక్ష చేయించండి, అది మి.లీ.కి 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే ఎంత తిన్నా సరిగ్గా పట్టదు. ఉప్పు, ఊరగాయలు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పోతుంది. కాఫీ, టీల గురించి టెన్షన్ అక్కర్లేదు, రోజుకు రెండు కప్పులైతే నష్టం స్వల్పం. పారాథైరాయిడ్, పేగు జబ్బులు అరుదు, అవి డాక్టరు చూసుకుంటారు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం నువ్వులు, ఆకుకూరలు పెంచేముందు వాళ్ల డాక్టరుని అడగాలి.